అంట్లకు ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు? బెంగళూరులో ఒక ఇంటి లెక్క

డిష్‌వాషర్ కొనాలా వద్దా అని అడిగేవారికి నేను ముందుగా చెప్పే మాట ఒకటే. అంగడికి వెళ్లే ముందు ఒక ఖాళీ పెయింటు బకెట్టు సంపాదించండి. ఇరవై లీటర్లది అయితే మంచిది. వంటగది సింకు కిందికి వంగి చూస్తే మురుగునీరు పోయే మెత్తటి గొట్టం నేలలోని రంధ్రంలోకి దిగి ఉంటుంది. దాన్ని పైకి లాగి బకెట్టులో పెట్టండి. ఇంట్లో ఎవరు అంట్లు తోముతారో వాళ్లను రోజూలాగే తోమమనండి. బకెట్టు నిండినప్పుడల్లా పారబోసి గోడ మీద ఒక గీత గీయండి. మూడు రోజులు ఇలా చేస్తే మీ ఇంటి అసలు లెక్క తెలుస్తుంది. డిష్‌వాషర్ నీళ్లు మిగులుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ఆ గీతల్లోనే ఉంది. యంత్రం తాగే నీళ్లు ఏ ఇంట్లోనైనా ఇంచుమించు ఒకటే. చేత్తో తోమేటప్పుడు పోయే నీళ్లే ఇంటింటికీ మూడింతలు మారుతాయి.

మాది బెంగళూరులో కుందలహళ్లి వైపు ఒక అపార్ట్‌మెంట్. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అనంతపురం నుంచి వచ్చి కొన్ని నెలలు మాతో ఉన్న అత్తయ్య, మొత్తం ఐదుగురం. ఉదయం ఇడ్లీయో దోసెలో, పిల్లలకు టిఫిన్ డబ్బాలు, రాత్రికి అన్నం, పప్పు, కూర, చారు. 2024 వేసవిలో ఊళ్లో బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం ఎదురుచూసిన రోజులు గుర్తున్నాయి కాబట్టి, యంత్రం కొన్నాక కూడా దాని మాట, ప్రకటనల మాట నమ్మకుండా బకెట్టు పెట్టి కొలిచాను.

ముందుగా కుళాయి కింద తోమడం. మా సింకు కుళాయి పూర్తిగా తిప్పితే పది లీటర్ల బకెట్టు 75 సెకన్లలో నిండుతుంది, అంటే నిమిషానికి 8 లీటర్లు. నేను తోమే పద్ధతి చాలామందికి తెలిసినదే. ఒక గిన్నె తడిపి, పీచుతో రుద్ది, కుళాయి కింద కడిగి, తర్వాతి గిన్నె అందుకోవడం. చేతులు సబ్బుగా ఉంటాయి కాబట్టి కుళాయి కట్టాలనిపించదు. మూడు రోజుల గీతలు లెక్కపెడితే 96, 88, 92 లీటర్లు. సగటు 92. నేను యాభై ఉంటుందేమో అనుకున్నాను.

నాలుగో రోజు అత్తయ్య, "అమ్మాయ్, ఆ బకెట్టు అట్లాగే ఉంచు, ఈ రోజు నేను తోముతాను" అన్నారు. ఆవిడ పుట్టి పెరిగిన ఊళ్లో మూడు కిలోమీటర్లు నడిచి బిందె తెచ్చుకున్న రోజులున్నాయి. ముందు అన్ని కంచాలలోనూ మిగిలిన మెతుకులు, కరివేపాకు చెత్తబుట్టలోకి దులిపారు. నెయ్యి, నూనె ఉన్న గిన్నెలను పాత కాగితంతో తుడిచారు. ఒక చెంబు నీళ్లతో అన్నిటినీ తడిపి వరసగా పేర్చి, అన్నిటినీ రుద్దిన తర్వాతే కడగడం మొదలుపెట్టారు. రెండు ప్లాస్టిక్ టబ్బులు, ఒక్కొక్కదానిలో పన్నెండు లీటర్లు. మొదటి టబ్బులో సబ్బు వదులుతుంది, రెండో దానిలో మెరుస్తుంది. పూటకు పూట కొత్త నీళ్లు పోయరు. ఉదయం రెండో టబ్బులో మిగిలిన తేట నీళ్లే రాత్రికి మొదటి టబ్బు అవుతాయి. జిడ్డు మొండికేసిన బాణలికి మాత్రం కొంచెం వేడినీళ్లు. ఆ రోజు మొత్తం 30 లీటర్లు.

ఇక యంత్రం. మాది పన్నెండు మందికి సరిపడే కంచాలు పట్టే మామూలు సైజు. నీళ్లు బయటికి వదిలే గొట్టాన్ని గట్టు మీద పెట్టిన బకెట్టులోకి తిప్పి చూస్తే, ఎకో ప్రోగ్రాములో మూడు నాలుగు విడతలుగా వచ్చినవన్నీ కలిపి 11 లీటర్లు. మాడిన కడాయిలకని పెట్టే 70 డిగ్రీల ప్రోగ్రాములో 15 లీటర్లు. ప్లగ్గుకు పెట్టే చిన్న మీటరుతో కరెంటు కొలిస్తే ఎకోకు ఒక యూనిట్, 70 డిగ్రీలకు ఒకటిన్నర. వారంలో నాలుగు రోజులు ఎకో, మూడు రోజులు వేడి ప్రోగ్రాము వేస్తాము కాబట్టి, రోజు సగటు దాదాపు 13 లీటర్లు, 1.2 యూనిట్లు.

కానీ 13 లీటర్లతో ఇంటి అంట్లన్నీ అయిపోవు. చాలామంది లెక్కలు తప్పేది ఇక్కడే. అల్యూమినియం కుక్కరు యంత్రంలో వేస్తే నల్లబడుతుంది, ఎందుకంటే ఆ డిటర్జెంటుకు ఉండే క్షారగుణం అల్యూమినియం పైపొరను తినేస్తుంది. ఇనుప పెనానికి పట్టిన నూనెపొర పోయి తుప్పు వస్తుంది. పోపు గరిటె చెక్క పిడి పగులుతుంది. ఇత్తడి, రాగి సరేసరి. అన్నం వార్చిన పెద్ద గిన్నె పెడితే పది కంచాల చోటు అదే తినేస్తుంది. అందుకని మా ఇంట్లో రోజూ నాలుగైదు వస్తువులు చేతికే మిగులుతాయి. వాటికి అత్తయ్య పద్ధతిలో 14 లీటర్లు అయింది. అంటే యంత్రం ఉన్న రోజు మొత్తం 27 లీటర్లు.

ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. వదిలేసిన కుళాయి 92, టబ్బులు 30, యంత్రం 27. యంత్రంతో నాకు మిగిలేది రోజుకు 65 లీటర్లు. అత్తయ్యకు మిగిలేది మూడు లీటర్లు. ఆ మూడు లీటర్ల కోసం ఆవిడ రోజుకు 1.2 యూనిట్లు కాల్చాలి.

ఇక్కడ కరెంటు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే డిష్‌వాషర్ నీళ్లతోపాటు కరెంటునూ ఆదా చేస్తుందని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ మన వంటగది గురించి చెప్పినది కాదు. 2004లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఐరోపా దేశాల వారిచేత పన్నెండు మంది భోజనం చేసిన అంట్లు తోమించి కొలిచారు. సగటున 103 లీటర్ల నీళ్లు, 2.5 యూనిట్ల కరెంటు అయింది. చేత్తో తోమితే కరెంటు ఎందుకంటే వాళ్లు వేడినీళ్లతో తోముతారు. ఆ రెండున్నర యూనిట్లతో పోలిస్తే ఒక యూనిట్ యంత్రం చవకే. బెంగళూరులో డిసెంబరు ఉదయాన కూడా మనం తోమేది చన్నీళ్లతోనే. కాబట్టి మన లెక్కలో చేతి పక్కన కరెంటు గడిలో సున్నా ఉంటుంది. యంత్రం వాడే ప్రతి యూనిట్టూ మన బిల్లులో కొత్తగా చేరేదే.

ఆ యూనిట్టులో ఎక్కువ భాగం పోయేది మోటారుకు కాదు, నీళ్లు కాచడానికి. అందుకే ఎకో ప్రోగ్రాము మూడు గంటలకు పైగా నడిచినా తక్కువ కరెంటు తీసుకుంటుంది. నీళ్లను 50 డిగ్రీల దగ్గరే ఆపి, మిగతా పని నానబెట్టడానికి వదిలేస్తుంది. గంటలో ముగించే ప్రోగ్రాము ఆ నానే సమయాన్ని వేడితో పూడ్చుకోవాలి. మా పక్కింటివాళ్లు మూడు గంటలు నడిస్తే మీటరు గిర్రున తిరుగుతుందని భయపడి ఏడాదిపాటు చిన్న ప్రోగ్రామే వేశారు. సమయాన్ని బట్టి కరెంటు లెక్క కట్టకూడదు, డిగ్రీలను బట్టి కట్టాలి.

సరే, రూపాయల్లోకి వద్దాం. 2024 మార్చిలో బెంగళూరు జిల్లా యంత్రాంగం ట్యాంకర్ల ధరలు నిర్ణయించినప్పుడు, ఐదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు అని పెట్టింది. లీటరుకు పది పైసలు. ఆ లెక్కన నాకు మిగిలే 65 లీటర్ల విలువ ఆరున్నర రూపాయలు. గృహ వినియోగానికి కరెంటు ధరను 2025 ఏప్రిల్‌లో యూనిట్టుకు 5 రూపాయల 80 పైసలు చేశారు, పన్ను, అదనపు రుసుములు కలుపుకొని ఏడు రూపాయలు అనుకుంటే 1.2 యూనిట్లకు ఎనిమిదిన్నర. అంటే నీళ్లు, కరెంటు రెండే చూసినా రోజుకు రెండు రూపాయలు యంత్రమే ఎక్కువ. రెండూ సమానం కావాలంటే లీటరు పదమూడు పైసలు పడాలి, అంటే 6,000 లీటర్ల ట్యాంకరు దాదాపు 800 రూపాయలు ఉండాలి. వేసవిలో మాకు అంతకంటే ఎక్కువే పడుతుంది, వానాకాలంలో తక్కువ. కావేరి నీళ్లు మీటరు మీద వచ్చే ఇంటికైతే లీటరు కొద్ది పైసలే కాబట్టి, నీళ్ల ఆదా బిల్లులో కనిపించనే కనిపించదు.

దీనికి తోడు సబ్బు. నేను వాడే టాబ్లెట్ ఒక్కొక్కటి పదిహేను రూపాయలు, ఉప్పు, చివరి కడుగుకు వేసే ద్రవం కలిపి ఇంకో నాలుగు. చేత్తో తోమితే రోజంతటికీ నాలుగు రూపాయల సబ్బు చాలు. టాబ్లెట్ బదులు పొడి వాడి, అంట్లను బట్టి కొలత తగ్గించుకుంటే ఈ ఖర్చు కొంత దిగుతుంది, కానీ ఎంత దిగినా చేతి సబ్బు దగ్గరికి రాదు. సబ్బు కూడా కలిపితే నా ఇంట్లో రోజుకు పదహారు, పద్దెనిమిది రూపాయలు యంత్రం ఎక్కువ. యంత్రం ధర ఇందులో వేయలేదు. కాబట్టి డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే ఆ మాట మీద కొనకండి. సమయం కోసం, వంగలేని నడుము కోసం, తోడు లేని ఇంటి కోసం కొంటే అది వేరు, దానికి విలువ కట్టుకోవలసింది మీరు.

కర్ణాటకలో ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద ఉన్న ఇళ్లు ఇంకొక లెక్క తప్పక చూసుకోవాలి. అద్దె ఇళ్లలో ఉన్న మనవాళ్లలోనూ చాలామందికి ఇది వర్తిస్తుంది. ఇంటికి ఉచితంగా వచ్చేది 2022-23 నాటి నెలసరి సగటు వాడకం, దాని మీద పది శాతం. ఆ హద్దు దాటి 200 యూనిట్ల లోపు ఉంటే దాటినంత వరకే కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. డిష్‌వాషర్ రోజూ నడిస్తే నెలకు 36 యూనిట్లు. ఇప్పుడు నెలకు 172 యూనిట్లు వాడే ఇల్లు 208కి చేరుతుంది. ఎక్కువైనది 36 యూనిట్లే అయినా, డబ్బు కట్టవలసింది 208 యూనిట్లకు. ఏడు రూపాయల చొప్పున 1,456, దాని మీద స్థిర చార్జీ. అలాంటి ఇంట్లో యంత్రాన్ని రోజు విడిచి రోజు నడిపితే 190కి ఆగుతుంది. గత ఏడాది బిల్లులన్నీ తీసి, ముఖ్యంగా ఎండాకాలపు నెలలు చూసి, 160 దాటిన నెలలు ఉన్నాయేమో చూసుకోండి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన చిక్కు నీళ్ల బిల్లుది. చాలా అపార్ట్‌మెంట్లలో నీళ్ల ఖర్చును ఇంటి వైశాల్యాన్ని బట్టి మెయింటెనెన్సులో పంచుతారు. అప్పుడు మీరు నెలకు రెండు వేల లీటర్లు మిగిల్చినా ఆ లాభం అన్ని ఇళ్లకూ పంచుకుపోతుంది, కరెంటు మాత్రం పూర్తిగా మీ మీటరు మీదే. ఇంటింటికీ నీళ్ల మీటరు ఉన్నచోట, ట్యాంకరు మీదే బతికే చోట యంత్రం వాదనకు బలం వస్తుంది. మాకు ఇంటింటికీ మీటరు పెట్టిన తర్వాతే ఈ లెక్కకు అర్థం వచ్చింది.

యంత్రం ఉండి కూడా నీళ్లు మిగలని ఇళ్లు నేను చూశాను. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, యంత్రంలో పెట్టే ముందు ప్రతి కంచాన్నీ కుళాయి కింద కడగడం. నేనూ మొదటి నెలంతా అదే చేశాను. బకెట్టు పెడితే ఆ ముందు కడుగుకే 28 లీటర్లు పోయింది, యంత్రం వాడిన దానికి రెండింతలు. సాంబారు మెతుకులు దులిపేసి, పప్పు గిన్నెను గరిటెతో గీసి పెట్టేస్తే చాలు. ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో ఎండిన పిండి ఒక్కటే దీనికి లొంగదు. దాన్ని తీసిన వెంటనే ఒక టబ్బులో నానవేసి పెట్టాలి.

రెండో కారణం బోరు నీళ్ల గట్టిదనం, అంటే వాటిలో ఎక్కువగా ఉండే సున్నం. యంత్రం లోపల నీళ్లను మెత్తబరిచే చిన్న భాగం ఉంటుంది, దానికి ప్రత్యేకమైన ఉప్పు పోయాలి. వంట ఉప్పు వద్దు, గడ్డకట్టకుండా దానిలో కలిపే పదార్థాలు ఆ భాగాన్ని పూడ్చేస్తాయి. నీళ్ల గట్టిదనాన్ని పరీక్షించే కాగితపు పట్టీతో చూసి, ఆ అంకెను యంత్రంలో సరిగ్గా పెట్టాలి. మాకు యంత్రం అమర్చిన మనిషి అంకె మార్చకుండా వెళ్లిపోయాడు. స్టీలు గ్లాసుల మీద తెల్లటి పొడిలాంటి పొర కనిపించింది. నిమ్మచెక్కతో రుద్దితే పోయింది, అంటే సున్నమే. పొర కనిపించినప్పుడల్లా మురికి పోలేదనుకొని రెండోసారి వేస్తుంటే, నీళ్లూ కరెంటూ రెట్టింపయ్యాయి. అంకె సరిచేశాక అది ఆగింది. గట్టి నీళ్లకు ఆ భాగం అప్పుడప్పుడు తనను తాను కడుక్కోవడానికి మరికొన్ని లీటర్లు తీసుకుంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంటి మీద సోలార్ వాటర్ హీటర్ ఉన్నవాళ్లు ఆ వేడినీళ్ల గొట్టాన్నే డిష్‌వాషర్‌కు కలిపితే కరెంటు తగ్గుతుంది కదా అని అడుగుతారు. చాలా యంత్రాలు 60 డిగ్రీల వరకు వేడినీళ్లను తీసుకుంటాయి, పుస్తకంలో చూసి నిర్ధారించుకోవాలి. కానీ యంత్రం ఒక విడతకు తీసుకునేది మూడు నాలుగు లీటర్లే. మేడ మీద నుంచి వచ్చే గొట్టంలో నిలిచిన చన్నీళ్లే అన్ని ఉంటాయి. వేడినీళ్లు సింకు దాకా వచ్చేసరికి యంత్రం నిండిపోయి ఉంటుంది. ముందుగా కుళాయి తిప్పి ఆ చల్లటి నీళ్లు బకెట్టులో పట్టి, నేల తుడవడానికి దాచుకునే ఓపిక ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఒకటి రెండు అంతస్తుల సొంత ఇళ్లలో గొట్టం పొట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ ప్రయత్నించవచ్చు.

ఎంపిక విషయంలో నేను నమ్మేది ఇది. మీ బకెట్టు లెక్క రోజుకు 40 లీటర్ల లోపు ఉంటే, నీళ్ల కోసం యంత్రం కొనవలసిన అవసరం లేదు. 40 దాటితే ముందు కుళాయి మూతికి గాలి కలిపే జాలీ, అంటే ఎరేటర్ బిగించండి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి అపార్ట్‌మెంట్లకు వీటిని పెట్టుకోమని ఆదేశించింది కూడా. మా కుళాయికి బిగిస్తే నిమిషానికి 8 లీటర్ల ధార 4కు తగ్గింది, నా పద్ధతి ఏమీ మార్చకుండానే 92 లీటర్లు 55 అయ్యాయి. రెండు వందల రూపాయల లోపు వస్తువుతో రోజుకు 37 లీటర్లు. అది బిగించాక యంత్రం అదనంగా మిగిల్చేది 28 లీటర్లే. ఆ 28 లీటర్లు ఎనిమిదిన్నర రూపాయల కరెంటుకు సరిపోవాలంటే 6,000 లీటర్ల ట్యాంకరు 1,800 రూపాయలు ఉండాలి.

జాలీ బిగించినా రోజుకు 70 దాటుతుంటే, నలుగురికంటే ఎక్కువ మంది ఉండి యంత్రం రోజూ నిండుతుంటే, నీళ్లు లీటరు లెక్కన కొంటుంటే, అప్పుడు డిష్‌వాషర్ నీళ్ల పరంగా సరైన ఎంపికే. ముగ్గురే ఉన్న ఇల్లు సగం నింపి నడిపితే నీళ్లూ కరెంటూ ఇంచుమించు నిండుగా ఉన్నప్పటిలాగే ఖర్చవుతాయి. అలాంటివాళ్లు రెండు రోజులకొకసారి నడపాలి, ఈలోగా అంట్లు ఎండిపోకుండా చన్నీళ్లతో ఒకసారి తడిపే చిన్న ప్రోగ్రాము వేసుకోవాలి.

మేము యంత్రాన్ని అమ్మలేదు. పిల్లల పరీక్షల రోజుల్లో, చుట్టాలు దిగినప్పుడు అది లేకపోతే నాకు గడవదు. అత్తయ్య ఊరెళ్లిన మరుసటి వారం కరెంటు పోయిన ఒక రోజు, ఆవిడ వదిలివెళ్లిన రెండు టబ్బులూ ముందు పెట్టుకొని ఆవిడలాగే తోమి, పెయింటు బకెట్టు మళ్లీ గొట్టం కింద పెట్టాను. 38 లీటర్లు. ఫోను చేసి చెబితే, "రెండో టబ్బు నీళ్లు పారబోశావా అమ్మాయ్?" అని అడిగారు. అవును, పారబోశాను.